అర్ధరాత్రి అరుపు, తెల్లవారుజామున ఏడుపు: ఈ రెండూ ఒకటి కావు

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. జూన్‌లో ఎల్‌కేజీలో వేశాం. రెండు వారాలుగా రాత్రి పదిన్నరకి పడుకుని పన్నెండు ప్రాంతంలో ఒక్కసారిగా లేచి కూర్చుని కెవ్వుమని అరుస్తున్నాడు. కళ్లు తెరిచే ఉంటాయి కానీ నన్ను గుర్తుపట్టడు, ఎత్తుకోబోతే తోసేస్తాడు. పది నిమిషాలకి తనే పడుకుంటాడు. పొద్దున్న అడిగితే ఏమీ గుర్తులేదంటాడు. మొన్న మాత్రం తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, కుక్క వస్తోందంటూ ఏడ్చి నన్ను వదల్లేదు. ఇదివరకు ఎనిమిదింటిదాకా పడుకునేవాడు, మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోయేవాడు. ఇప్పుడు స్కూల్ వ్యాన్ కోసం ఆరున్నరకి లేపుతున్నాం, తిరిగొచ్చేసరికి మూడవుతుంది, పగటి నిద్ర లేదు. మా అత్తగారు దడుచుకున్నాడు, తాయెత్తు కట్టిద్దాం అంటున్నారు. ఒకసారి ముఖాన నీళ్లు చల్లి లేపబోతే ఇంకా ఎక్కువైంది. ఇవి పీడకలలేనా? నేనేం చేయాలి?

సమాధానం:

అమ్మా, మీ బాబుకి వస్తున్నవి రెండు వేర్వేరు సంగతులు. పన్నెండింటికి వచ్చేదాన్ని మేం నైట్ టెర్రర్ అంటాం. మొన్న తెల్లవారుజామున వచ్చింది మామూలు పీడకల. చూసేవాళ్లకి రెండింట్లోనూ పిల్లాడు భయపడి ఏడుస్తున్నట్టే ఉంటుంది కాబట్టి ఇంట్లో అందరూ రెండింటికీ ఒకటే చేస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. పీడకల వచ్చిన పిల్లాణ్ణి వెంటనే ఒళ్లోకి తీసుకోవాలి. నైట్ టెర్రర్‌లో ఉన్న పిల్లాణ్ణి లేపకుండా, బలవంతంగా ఎత్తుకోకుండా పక్కన కాపలా కూర్చోవాలి. నేను పిల్లల డాక్టర్ని. అర్ధరాత్రి ఇలా అరిచారని కంగారుగా తీసుకొచ్చే తల్లిదండ్రుల్ని ఏటా చూస్తూనే ఉంటాను, ముఖ్యంగా బడులు తెరిచాక. మీరు రాసిన వివరాలు చాలా పనికొచ్చేవి, అందుకే కాస్త విడమరిచి చెప్తాను.

చిన్నపిల్లలు పడుకున్న మొదటి రెండు మూడు గంటల్లో చాలా గాఢమైన నిద్రలో ఉంటారు. పెళ్లి నుంచి తిరిగొస్తూ కార్లో నిద్రపోయిన పిల్లాణ్ణి భుజాన వేసుకుని మేడ మీదికి తెచ్చి, బట్టలు మార్చి పడుకోబెట్టినా లేవడు చూడండి, ఆ నిద్ర. గంటకో గంటన్నరకో ఆ లోతు నుంచి పైకి, తేలిక నిద్రలోకి రావాలి. చాలా రాత్రులు ఆ మార్పు మనకి తెలియకుండానే జరిగిపోతుంది. పిల్లాడు అటు దొర్లుతాడు, ఏదో కలవరిస్తాడు, మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. నైట్ టెర్రర్ వచ్చిన రాత్రి మెదడు నిద్రకీ మెలకువకీ మధ్య గడప మీద ఆగిపోయినట్టవుతుంది. భయాన్ని పుట్టించే భాగాలు, కాళ్లూ చేతుల్ని నడిపే భాగాలు లేచి కూర్చుంటాయి. ఎదుట ఉన్నది అమ్మేనని పోల్చుకునే భాగాలు, జరిగింది జ్ఞాపకం పెట్టుకునే భాగాలు మాత్రం ఇంకా నిద్రలోనే ఉంటాయి.

మీరు చూసినదంతా ఇందులోంచే వస్తుంది. కళ్లు తెరిచి ఉన్నా చూపు మీ మీద నిలవదు. గుండె దడదడా కొట్టుకుంటుంది, ఒళ్లంతా చెమట పడుతుంది, ఊపిరి వేగంగా తీస్తాడు. ‘అమ్మా’ అని అరుస్తూనే అమ్మని తోసేస్తాడు. కొందరు లేచి పరుగెత్తుతారు కూడా. సాధారణంగా కొన్ని నిమిషాల్లో, ఒక్కోసారి పావుగంట, అరుదుగా అరగంటదాకా సాగి, ఎలా మొదలైందో అలాగే ఆగిపోతుంది. ఆ తర్వాత పిల్లాడు హాయిగా నిద్రపోతాడు. పొద్దున్న అడిగితే గుర్తులేదనడం దాచడం కాదు. ఆ జ్ఞాపకం అసలు తయారే కాలేదు.

పీడకల పుట్టే చోటు వేరు. కలలు బాగా వచ్చే నిద్ర రాత్రి రెండో సగంలో, తెల్లవారుజాముకి దగ్గరపడేకొద్దీ ఎక్కువ. ఆ నిద్రలో ఒంట్లోని కండరాలు దాదాపు అన్నీ వదులైపోయి ఉంటాయి కాబట్టి కలలో కుక్క తరుముతున్నా పిల్లాడు మంచం మీద పరుగెత్తడు. భయమంతా లోపలే జరుగుతుంది. మనకి వినిపించే ఏడుపు కల అయిపోయి, పూర్తిగా మెలకువ వచ్చాక మొదలయ్యేది. అందుకే మిమ్మల్ని గుర్తుపడతాడు, గట్టిగా పట్టుకుంటాడు, కుక్క వచ్చిందని చెప్పగలుగుతాడు, మళ్లీ పడుకోమంటే భయపడతాడు, పొద్దున్న లేచాక కూడా దాని గురించి మాట్లాడతాడు.

నిద్రమత్తులో మీకు ఇవన్నీ ఆలోచించే తీరిక ఉండదు. రెండే చూడండి: గడియారం, గుర్తుపట్టడం. పడుకున్న మూడు గంటల లోపు వచ్చి, మిమ్మల్ని గుర్తుపట్టకపోతే నైట్ టెర్రర్. రాత్రి చివరి భాగంలో వచ్చి, మిమ్మల్ని పట్టుకుని వదలకపోతే పీడకల. గంట లెక్కపెట్టేది పడుకున్న సమయం నుంచి, అర్ధరాత్రి నుంచి కాదు. పెందలాడే ఎనిమిదింటికి పడుకునే పిల్లలకి నైట్ టెర్రర్ తొమ్మిదిన్నరకే, మీరింకా టీవీ చూస్తుండగానే వస్తుంది. ఈ గుర్తులు ప్రతిసారీ గీత గీసినట్టు ఉండవు. రెండేళ్ల పిల్లకి కల వచ్చినా చెప్పే మాటలు ఉండవు, కాబట్టి అక్కడ ‘గుర్తుందా’ అన్న ప్రశ్న పనికిరాదు. దగ్గరికి తీసుకుంటే ఊరుకుంటోందా లేదా అన్నదే చూడాలి. ఊరుకుంటే పీడకల. ఎత్తుకున్నకొద్దీ ఎక్కువైతే నైట్ టెర్రర్.

ఇది ఎంతమందికి వస్తుందో తెలిస్తే మీ అత్తగారికీ కొంత ఊరట కలుగుతుంది. కెనడాలోని క్యూబెక్‌లో 1,940 మంది పిల్లల్ని ఏడాదిన్నర వయసు నుంచి 13 ఏళ్లదాకా గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదిన్నర వయసులో మూడో వంతు పిల్లలకి నైట్ టెర్రర్స్ ఉన్నాయి. ఐదేళ్లకి అది 13 శాతానికి, 13 ఏళ్లకి 5 శాతానికి తగ్గింది. అంటే చాలామందికి మెదడు ఎదిగేకొద్దీ దానంతటదే పోతుంది. అదే అధ్యయనంలో ఇంకో సంగతి కూడా తేలింది. తల్లిదండ్రుల్లో ఎవరికీ నిద్రలో నడిచే అలవాటు లేని పిల్లల్లో నిద్రలో నడిచేవాళ్లు 22 శాతం పైచిలుకు ఉంటే, తల్లికో తండ్రికో ఒకరికి ఉన్నప్పుడు 47 శాతం, ఇద్దరికీ ఉన్నప్పుడు 61 శాతం పైనే. నిద్రలో నడవడం, నైట్ టెర్రర్ రెండూ ఒకే గాఢనిద్రలోంచి పుట్టేవి, ఒకే కుటుంబంలో కనిపించేవి. కాబట్టి మీ అత్తగారిని ఒకమాట అడగండి: మీ అబ్బాయి చిన్నప్పుడు నిద్రలో లేచి తిరిగేవాడా, కేకలు పెట్టేవాడా అని. నేను అడిగినప్పుడల్లా ఎవరో ఒక నానమ్మ ‘వీళ్ల నాన్నా అంతేనండీ, ఓసారి వీధి తలుపు దాకా వెళ్లిపోయాడు’ అంటుంది. ఆ మాట ఆవిడ నోటే వచ్చాక దడుపు గురించిన భయం సగం తగ్గిపోతుంది.

ఇక అరుపు మొదలైనప్పుడు చేయాల్సింది. నీళ్లు చల్లకండి, చెంపలు తట్టకండి, భుజాలు పట్టుకుని కుదపకండి, ‘ఏమైంది, నన్ను చూడు’ అని గట్టిగా అడగకండి, గదిలో లైట్లన్నీ వేయకండి. నీళ్లు చల్లితే ఎక్కువైందని మీరే చూశారు. ఎందుకంటే లేవబోయి చిక్కుకున్న మెదడుకి ఒంటి మీద పడే ప్రతి తాకిడీ ఇంకో ప్రమాదంలా అనిపిస్తుంది. అంత అవస్థపడి లేపినా, అర్థం కాని భయంతో, చుట్టూ కంగారుపడుతున్న మొహాల మధ్య లేస్తాడు. అప్పుడు నిజంగా భయపడతాడు, మళ్లీ నిద్రపట్టడానికి గంట పడుతుంది.

మంచానికి అడుగు దూరంలో కూర్చోండి. చిన్న లైట్ చాలు. తల గోడకి కొట్టుకోకుండా దిండు అడ్డుపెట్టండి, కిందికి దిగి నడుస్తుంటే ఎదురుగా నిలబడి ఆపకుండా వెనకనుంచి చేయి ఆసరాగా ఉంచి మెల్లగా మంచం వైపు తిప్పండి. మాట్లాడాలనిపిస్తే జోకొట్టేటప్పుడు వాడే గొంతుతో ఒకే మాట మళ్లీ మళ్లీ అనండి, ‘అమ్మ ఇక్కడే ఉంది, పడుకో నాన్నా’ అని. కొందరు పిల్లలు వీపు మీద చేయి ఆనిస్తే ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే ఉంచండి, విదిలిస్తే తీసేయండి. ఆ పది నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చోవడం తల్లికి ఎంత కష్టమో నాకు తెలుసు. బిడ్డ మీ కళ్లముందు భయంతో వణుకుతున్నట్టే ఉంటుంది. కానీ ఆ భయాన్ని మీరు గుర్తుపెట్టుకుంటారు, వాడు పెట్టుకోడు. దీనివల్ల వాడి మనసుకి గాయం కాదు.

పొద్దున్న ‘రాత్రి ఎందుకలా అరిచావు’ అని అడగకండి. ఇంటికొచ్చినవాళ్లకి వాడి ఎదుట చెప్పకండి. తనకి గుర్తులేనిదేదో రాత్రిపూట తన ఒంట్లో జరుగుతోందని వింటే పిల్లాడికి పడుకోవడమంటేనే భయం పట్టుకుంటుంది. ఆ భయం వల్ల నిద్ర ఆలస్యమవుతుంది, నిద్ర తగ్గితే నైట్ టెర్రర్స్ పెరుగుతాయి.

పడుకునే చోటు ఒకసారి చూసుకోండి. ఎత్తు మంచం ఉంటే కొన్నాళ్లు పరుపు కింద వేసుకోండి. ఊచలు లేని కిటికీ, బాల్కనీ తలుపు, మేడ మెట్ల తలుపు, వీటికి వాడి చేతికి అందని ఎత్తులో గొళ్లెం ఉండాలి. తాయెత్తు విషయం. అత్తగారి తృప్తి కోసం దిష్టి తీస్తే తప్పులేదు, అదీ సాయంత్రంపూట, వాడు అరుస్తున్న సమయంలో కాదు. మెడలో తాడు మాత్రం వద్దు. నిద్రలో లేచి పెనుగులాడే పిల్లాడి మెడలో గట్టి దారం ఉండటం ప్రమాదం. దేనికో చిక్కుకుంటే ఊపిరి ఆడదు. ఆ మాట అత్తగారికి అలాగే చెప్పండి, ఆవిడ నమ్మకాన్ని తీసిపారేయక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: జూన్ తర్వాతే ఎందుకు? మీరిచ్చిన సమయాలే తీసుకుని లెక్క వేద్దాం. ఇదివరకు రాత్రి పదిన్నర నుంచి ఎనిమిదిదాకా తొమ్మిదిన్నర గంటలు, మధ్యాహ్నం రెండు, మొత్తం పదకొండున్నర గంటల నిద్ర. ఇప్పుడు పదిన్నర నుంచి ఆరున్నరదాకా ఎనిమిది గంటలే. రోజుకి మూడున్నర గంటలు తగ్గింది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటలు కావాలి. నిద్ర కరువైన మెదడు దొరికిన సమయంలో ముందు గాఢనిద్రని తీర్చుకుంటుంది. మొదటి గంటల్లో ఇంకా లోతుగా మునుగుతుంది. అంత లోతు నుంచి పైకి రావడం ఇంకా కష్టమవుతుంది. అక్కడే నైట్ టెర్రర్ పుడుతుంది. కొత్త బడి, కొత్త మనుషులు, వ్యాన్ ప్రయాణం అనే ఒత్తిడి కొంత ఉండొచ్చు. కానీ మీ బాబు విషయంలో నేను మొదట వేలు చూపేది ఈ మూడున్నర గంటల మీద.

బడి సమయం మన చేతిలో లేదు కాబట్టి ఆరున్నరకి లేవక తప్పదు. జరగాల్సింది పడుకునే సమయం. రాత్రి ఎనిమిదిన్నరకల్లా నిద్రపోతే పది గంటలు అందుతాయి. పదిన్నరకి అలవాటైన పిల్లాణ్ణి ఒక్కరోజులో ఎనిమిదిన్నరకి పడుకోమంటే పరుపు మీద గంతులేస్తాడు. రెండు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకి జరపండి. రెండు గంటలు జరగడానికి పదహారు రోజులు పడుతుంది. ఈలోగా బడి నుంచి రాగానే, మూడుంబావు నుంచి నాలుగుదాకా, పడుకోబెట్టి చూడండి. నిద్రపోతే మంచిదే, నాలుగు దాటాక మాత్రం లేపేయండి, లేకపోతే రాత్రి నిద్ర వెనక్కి పోతుంది. రాత్రి సమయం ఎనిమిదిన్నరకి కుదిరాక వాడికి సాయంత్రం నిద్ర రాకపోతే బలవంతం చేయక్కర్లేదు.

భోజనం ఏడు, ఏడున్నరకి అయిపోవాలి. ఫోన్, టీవీ పడుకునే గంట ముందే ఆపాలి. పడుకునే ముందు మూత్రానికి తీసుకెళ్లండి, నిండిన మూత్రాశయం కూడా గాఢనిద్రని కదిలించి నైట్ టెర్రర్ తెప్పిస్తుంది. చాలా ఇళ్లలో ఇదంతా ఆగిపోయేది నాన్న రాక దగ్గర. ఆయన తొమ్మిదిన్నరకి వస్తారు, పిల్లాడు నాన్న కోసం మేలుకుని ఉంటాడు, వచ్చాక ఇద్దరూ ఆడుకుంటారు, పదిన్నర అవుతుంది. మీ ఇంట్లో కూడా ఆలస్యానికి కారణం అదే అయితే, నాన్న వంతు పొద్దుటికి మార్చండి. పిల్లాణ్ణి లేపడం, స్నానం చేయించడం, వ్యాన్ ఎక్కించడం ఆయన పని. ఆదివారం కూడా లేచే సమయం గంటకి మించి తేడా రానివ్వకండి.

ఈ రోజుల్లో ఒక నోటుపుస్తకంలో మూడే మూడు రాయండి: ఎన్నింటికి నిద్రపోయాడు, ఎన్నింటికి అరిచాడు, ఎంతసేపు. జ్వరం ఉన్న రాత్రి పక్కన గుర్తు పెట్టండి. జ్వరంలో నైట్ టెర్రర్ రావడం మామూలే, దాన్ని బట్టి నిద్ర మార్పు పనిచేయలేదని అనుకోకండి. చాలామంది పిల్లల్లో నిద్ర సరిపడా అందుతూ మూడు నాలుగు వారాలు గడిచేసరికి అరుపులు బాగా పలచబడతాయి.

నిద్ర సరిచేశాక కూడా దాదాపు రోజూ, ఒకే సమయానికి వస్తుంటే ఇంకో మార్గం ఉంది. 1988లో బ్రిటన్‌కి చెందిన పిల్లల మానసిక వైద్యుడు బ్రయాన్ లాస్క్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన పద్ధతి ఇది: అరుపు రాకముందే పిల్లాణ్ణి లేపడం. మీ నోటుపుస్తకం ఇక్కడ పనికొస్తుంది. బాబు ఎనిమిదిన్నరకి నిద్రపోయి రోజూ పది ప్రాంతంలో అరుస్తున్నాడనుకోండి. మీరు తొమ్మిదీ నలభైకి వెళ్లి మెల్లగా తట్టండి, పేరు పెట్టి పిలవండి. కళ్లు తెరిచి ‘ఊఁ’ అన్నా, పక్కకి తిరిగి ఏదో గొణిగినా చాలు, మళ్లీ పడుకోనివ్వండి. గాఢనిద్ర ఆ రాత్రికి వేరే దారి పడుతుంది. రోజూ, వదలకుండా, రెండు నుంచి నాలుగు వారాలు చేసి ఆపి చూడండి. తిరిగొస్తే ఇంకో విడత చేయొచ్చు. మీరు తట్టినప్పుడే అరుపు మొదలైతే బాగా లోతులో ఉన్నప్పుడు లేపారన్నమాట, మర్నాడు పది నిమిషాలు ముందు ప్రయత్నించండి. వారానికి ఒకటి రెండుసార్లు, వేర్వేరు సమయాల్లో వచ్చే పిల్లలకి ఈ పద్ధతి వద్దు. ఉన్న నిద్ర చెడుతుంది తప్ప లాభం లేదు.

తెల్లవారుజామున వచ్చిన కుక్క కల దగ్గరికి వద్దాం. ఇక్కడ మీరు చేసింది సరైనదే, వెంటనే దగ్గరికి తీసుకోవాలి. ‘కుక్కా లేదు గిక్కా లేదు, పడుకో’ అనకండి, వాడు చూశాడు కాబట్టి వాడికి ఉంది. ‘కుక్క కలలో వచ్చింది, భయమేసింది కదూ. కల అయిపోయింది, ఇప్పుడు అమ్మ దగ్గర ఉన్నావు’ అంటే చాలు. నాలుగేళ్ల పిల్లాడికి కలకీ నిజానికీ తేడా ఇంకా పూర్తిగా తెలియదు, ఆ తేడా ఇలాగే నిదానంగా తెలుస్తుంది. రాత్రిపూట పెద్ద సంభాషణ పెట్టకండి, కర్ర పట్టుకుని మంచం కింద కుక్కని వెతికే ఆట అసలు వద్దు. వెతికారంటే అక్కడ ఉండే అవకాశం ఉందని మీరే ఒప్పుకున్నట్టు. వెన్ను నిమురుతూ నిద్రపట్టేదాకా పక్కన ఉండండి.

అసలు పని పగలు ఉంటుంది. మధ్యాహ్నమో సాయంత్రమో, వాడు హుషారుగా ఉన్నప్పుడు కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి ఆ కుక్కని గీయమనండి. తర్వాత ఏం జరిగితే బాగుంటుందో వాణ్ణే చెప్పనివ్వండి. ఒకడు కుక్కకి బిస్కెట్ పెడతాడు, ఒకడు దానికి ఎర్ర టోపీ పెట్టి వ్యాన్ ఎక్కించి బడికి పంపిస్తాడు. ఆ కొత్త ముగింపుని రెండు మూడు రోజులు సరదాగా చెప్పించండి. తిరిగి తిరిగి అదే కల వచ్చే పిల్లలకి ఇది బాగా పనిచేస్తుంది, పెద్దవాళ్ల పీడకలలకి కూడా దాదాపు ఇదే పద్ధతి వాడతారు.

కుక్క ఎక్కణ్ణించి వచ్చిందో కూడా చూడండి. వ్యాన్ ఆగే చోట వీధికుక్కలు ఉన్నాయా, ఫోన్‌లో ఏదైనా చూశాడా, అన్నం తినిపించేటప్పుడు ఎవరైనా ‘తినకపోతే బూచోడికి ఇచ్చేస్తా, కుక్కని పిలుస్తా’ అంటున్నారా. ఈ చివరిది మన ఇళ్లలో ఎంత మామూలంటే అది బెదిరింపని కూడా ఎవరికీ తోచదు. నాలుగేళ్లవాడు ఆ మాటని పూర్తిగా నమ్ముతాడు. ఇంట్లో పెద్దలందరూ దీన్ని మానేయాల్సిందే, ఇందులో నేను రాజీపడను. అప్పుడప్పుడూ వచ్చే పీడకలకి వైద్యం అక్కర్లేదు. కానీ వారంలో చాలా రాత్రులు వస్తున్నా, ఒకే మనిషో ఒకే చోటో కలలో మళ్లీ మళ్లీ వస్తున్నా, పగలు కూడా బడికి వెళ్లనని, ఫలానా వాళ్ల దగ్గరికి వెళ్లనని ఏడుస్తున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, వాడికి పగలు ఏం జరుగుతోందో తెలుసుకోవాలి. కొట్టడం, బెదిరించడం, ఇంకా చెప్పరాని సంగతులు కొన్నిసార్లు ఇలాగే బయటపడతాయి. నింపాదిగా, నిలదీయకుండా అడగండి, డాక్టరుకీ చెప్పండి.

నైట్ టెర్రర్ అనిపించేవాటిలో డాక్టరుకి చూపించి తీరాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది గురక. పిల్లాడు వారంలో మూడు నాలుగు రాత్రులకి మించి గురక పెడుతున్నా, నోరు తెరిచి నిద్రపోతున్నా, ఊపిరి క్షణం ఆగి మళ్లీ గుటకవేసినట్టు తీసుకుంటున్నా, మెడ వెనక్కి విరిచి పడుకుంటున్నా, ముక్కు వెనకాల అడినాయిడ్స్, గొంతులో టాన్సిల్స్ పెరిగి ఊపిరి దారికి అడ్డుపడుతున్నాయేమో చూడాలి. ఊపిరి అందనప్పుడల్లా నిద్ర తెగుతుంది, తెగినచోట నైట్ టెర్రర్ వస్తుంది. అలాంటి పిల్లలకి ఎంత పెందలాడే పడుకోబెట్టినా తగ్గదు. ఆ అడ్డు తొలగించాక అరుపులు కూడా ఆగిపోయిన పిల్లలు చాలామంది ఉన్నారు. పడుకునేటప్పుడు కాళ్లు లాగుతున్నాయని, పీకుతున్నాయని అని రాత్రంతా కాళ్లు ఆడించే పిల్లలకి రక్తంలో ఇనుము నిల్వలు చూడాలి. ఫెరిటిన్ అనే పరీక్ష అది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్ తక్కువ ఉండొచ్చు.

రెండోది మూర్ఛ. నిద్రలోనే వచ్చే ఒక రకం మూర్ఛ నైట్ టెర్రర్‌ని పోలి ఉంటుంది. తేడా పట్టడానికి నేను తల్లిదండ్రుల్ని అడిగేవి ఇవి. ఎంతసేపు? మూర్ఛ సాధారణంగా రెండు నిమిషాల లోపే ముగుస్తుంది. రాత్రికి ఎన్నిసార్లు? నైట్ టెర్రర్ ఎక్కువగా ఒక్కసారే, మూర్ఛ ఒకే రాత్రి నాలుగైదుసార్లు కూడా రావచ్చు, పడుకున్న పదిహేను నిమిషాలకీ రావచ్చు, తెల్లవారేముందూ రావచ్చు. ప్రతిసారీ అచ్చం ఒకేలా ఉంటుందా? ఒకే చేయి బిగుసుకోవడం, తల ఒకే వైపు తిరగడం, మూతి ఒక పక్కకి లాగడం, చొంగ కారడం, నాలుక కరుచుకోవడం ఉంటే ఆలస్యం చేయకండి. నైట్ టెర్రర్ ఒక్కో రాత్రి ఒక్కోలా ఉంటుంది. మీరు రాసినదాంట్లో మూర్ఛని అనుమానించాల్సినదేదీ నాకు కనిపించలేదు, అయినా ఒక వీడియో తీసి పెట్టుకోండి. అరుపు మొదలైన మరుక్షణం నుంచి మళ్లీ పడుకునేదాకా, మొహం, రెండు చేతులు కనిపించేలా, ఫ్లాష్ వేయకుండా తీయాలి. మొదటి పది సెకన్లే ఎక్కువ చెప్తాయి, కాబట్టి వచ్చే సమయానికి ఫోన్ చేతికందేలా పెట్టుకోండి. వర్ణించి చెప్పిందానికన్నా ఆ వీడియో చూశాక మాకు చాలా తొందరగా తెలుస్తుంది, చాలామందికి మెదడు తరంగాల్ని చూసే ఈఈజీ పరీక్ష అవసరమే ఉండదు.

మందుల సంగతి. నిద్రపడుతుందని ఇంట్లో ఉన్న జలుబు సిరప్ పోయకండి. మత్తు వేరు, మామూలు నిద్ర వేరు, పైగా ఆ సిరప్‌లు కొందరు పిల్లల్ని ఇంకా చిరాకుపెట్టి నిద్ర చెడగొడతాయి, మోతాదు మించితే ప్రమాదం. నైట్ టెర్రర్స్‌కి మందు ఇవ్వాల్సి రావడం చాలా అరుదు, దెబ్బలు తగిలేంత తీవ్రంగా రోజూ వస్తూ మిగతావేవీ పనిచేయనప్పుడు నిపుణులు కొద్దికాలం ఇస్తారు.

ఈ రాత్రి నుంచి పావుగంట ముందు పడుకోబెట్టడం మొదలుపెట్టండి, నోటుపుస్తకం తెరవండి. గురక ఉందా లేదా అన్నది మీరు రాయలేదు. ఈ వారం రెండు రాత్రులు వాడు నిద్రపోయిన గంటకి చెవి పెట్టి విని, ఉంటే అడినాయిడ్స్ కోసం ఈఎన్‌టీ డాక్టరుకి ఇప్పుడే చూపించండి. లేకపోతే నెల రోజులు నిద్ర సరిచేసి, అప్పటికీ తగ్గకపోతే ఆ పుస్తకం, వీడియో పట్టుకుని మీ పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.